పదాలు మారాయి, నడక మారలేదు

కిడ్నీ ఫెయిల్యూర్ అంటే అందరికీ తెలుసు. ‘కిడ్నీ డిసప్పాయింట్‌మెంట్’ అంటే? మూత్రపిండాలు నిరాశ చెందాయనుకోవాలి కాబోలు. ఇది ఎవరో సరదాకి పుట్టించిన మాట కాదు, పరిశోధన పత్రాల్లో అచ్చయిన మాట. 2021లో గియోం కబనాక్, సిరిల్ లాబె, అలెగ్జాండర్ మగజినోవ్ అనే ముగ్గురు పరిశోధకులు ఇలాంటి ప్రయోగాలను ఏరి ఒక వ్యాసం రాశారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ ‘కౌంటర్‌ఫిట్ కాన్షస్‌నెస్’ అయింది. బిగ్ డేటా ‘కొలోసల్ ఇన్ఫర్మేషన్’ అయింది. బ్రెస్ట్ క్యాన్సర్ ఏకంగా ‘బూజమ్ పెరిల్’ అయి కూర్చుంది. వీటికి వాళ్లు పెట్టిన పేరు టార్చర్డ్ ఫ్రేజెస్, అంటే చిత్రహింసలు పడ్డ పదబంధాలు.

ఇదంతా పారాఫ్రేజింగ్ టూల్స్ పనేనని వాళ్ల అనుమానం. వేరొకరి వాక్యాన్ని తెచ్చి టూల్‌లో వేస్తే ప్రతి మాటకూ పర్యాయపదం వెతికి పెడుతుంది. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ వరసగా కలిసే పదాల కోసం వెతుకుతుంది కాబట్టి దానికి ఏమీ దొరకదు. మన దేశంలో 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. ఆ పది లోపుకి దించడానికి థీసిస్‌ను ఇలాంటి టూల్‌లో తిప్పి తీసే అలవాటు అప్పటికే ఉంది. చాట్‌జీపీటీ వచ్చాక అవే టూల్స్ కొత్త బోర్డు కట్టుకున్నాయి. యంత్రం రాసినదాన్ని మనిషి రాసినట్టు మార్చి ఇస్తామంటూ ‘హ్యూమనైజర్’ అని పేరు పెట్టుకున్నాయి.

మొదట్లో అవి పనిచేశాయి. ఎందుకంటే తొలి డిటెక్టర్లలో చాలా వాటికి ఆధారం ఒక్కటే. ఇన్ని మాటల తర్వాత రాబోయే మాటను ఎంత తేలిగ్గా ఊహించవచ్చో కొలవడం. యంత్రం ఎక్కువగా ఊహకు అందే మాటే వేస్తుంది, మనిషి అప్పుడప్పుడూ పక్కదారి పడతాడు. కాబట్టి అక్కడక్కడా ఊహకు అందని పర్యాయపదం ఇరికిస్తే చాలు, లెక్క తారుమారైపోయేది. 2023లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం, గూగుల్ పరిశోధకులు కలిసి డిప్పర్ అనే పారాఫ్రేజర్‌తో దీన్ని పరీక్షించారు. డిటెక్ట్‌జీపీటీ అనే డిటెక్టర్ పట్టివేత 70.3 శాతం నుంచి 4.6 శాతానికి పడిపోయింది. హ్యూమనైజర్ వ్యాపారానికి ఇంతకంటే మంచి ప్రకటన ఏముంటుంది?

కానీ పదం మార్చినంత మాత్రాన వాక్యం మారదు. ఒక చిన్న పేరా తీసుకుని చూద్దాం.

‘నీటి కొరత రైతుల జీవితాలపై తీవ్ర ప్రభావం చూపుతోంది. ఇది కేవలం వ్యవసాయ సమస్య మాత్రమే కాదు, సామాజిక సమస్య కూడా. అందువల్ల ప్రభుత్వం, ప్రజలు కలిసి పనిచేయాలి.’

దీన్ని మాటకు మాట మార్చామనుకోండి, ఇలా తయారవుతుంది:

‘జలాల లేమి కర్షకుల బతుకులపై ఘాటైన ప్రభావం ప్రదర్శిస్తోంది. ఇది ఉత్త సేద్యపు చిక్కు మాత్రమే కాదు, సాంఘిక చిక్కు కూడా. కనుక సర్కారు, జనాలు జమిలిగా కార్యం చేయాలి.’

ఆవకాయ ఘాటుగా ఉంటుంది, ప్రభావం ఘాటుగా ఉండదు. ప్రభావాన్ని చూపుతాం, నాటకాన్ని ప్రదర్శిస్తాం. నిఘంటువులో ఒకే వరసలో ఉన్నంత మాత్రాన ఒక మాట ఇంకో మాట కుర్చీలో కూర్చోలేదు. ఏ మాట ఏ మాటతో పొసగుతుందో భాషలో పుట్టిపెరిగినవాళ్లకు తెలుసు. పైగా కర్షకులు, సర్కారు, జమిలిగా, కార్యం అనేవి ఒకే నోట ఒకే ఊపిరిలో వచ్చే మాటలు కావు. ఒకటి గ్రాంథికం, ఒకటి వీధి మాట. ఎబ్బెట్టుతనం అక్కడి నుంచే వస్తోంది.

ఇప్పుడు మారనివి చూడండి. మూడు వాక్యాలు మూడుగానే ఉన్నాయి. ‘మాత్రమే కాదు, కూడా’ అన్న మలుపు అక్కడే ఉంది. సమస్య, దాని విస్తృతి, చివర్లో అందరూ కలిసి పనిచేయాలన్న హితబోధ అనే వరస చెక్కుచెదరలేదు. ఏ ఊరి నీళ్లో, ఏ పంటో, ఏ ఏడాదో అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కొత్త డిటెక్టర్లు నేర్చుకునేది ఒక్కో పదాన్ని కాదు, మొత్తం రాత తీరుని. మనుషులు రాసిన లక్షల పేరాలు తీసుకుని, అదే విషయం మీద అంతే పొడవున యంత్రంతో రాయించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడా నేర్పిస్తారు.

అంతటితో ఆగలేదు. డిటెక్టర్ తయారుచేసేవాళ్లు హ్యూమనైజర్లకు తామే చందా కట్టి, వాటిలోంచి వచ్చిన రాతనే డిటెక్టర్‌కు పాఠంగా పెడుతున్నారు. పాంగ్రామ్ అనే సంస్థ పరిశోధకులు 2025లో ఇలా 19 టూల్స్‌ను పరిశీలించారు. టర్నిటిన్ కూడా అదే ఏడాది హ్యూమనైజర్ల జాడ పట్టే ఏర్పాటు చేసుకుంది. దీనికి కారణం సులువే. నేటి హ్యూమనైజర్లలో చాలావాటి లోపల ఉన్నది ఇంకో భాషా యంత్రమే. ఒక యంత్రం వాసన పోగొట్టబోయి తన వాసన అంటిస్తుంది. అక్షరాల గారడీ చేసేవీ ఉన్నాయి. ఇంగ్లిష్ a బదులు అచ్చం అలాగే కనిపించే రష్యన్ లిపి అక్షరం పెడతాయి. డాక్యుమెంట్‌లో కళ్ల ముందున్న మాటనే వెతికితే ‘దొరకలేదు’ అని వస్తే ఈ పని జరిగిందని అనుమానించవచ్చు. ఇలాంటి అక్షరాలను ముందే సరిచేసి చదివే డిటెక్టర్‌కు అదో లెక్క కాదు.

ఇక్కడ హ్యూమనైజర్ తప్పించుకోలేని ఇరకాటం ఒకటుంది. కొద్దిగా మారిస్తే యంత్రం తీరు అలాగే ఉంటుంది. గట్టిగా మారిస్తే అర్థం చెడుతుంది. ‘సంబంధం కనిపించింది’ అన్నది ‘కారణమైంది’ అయిపోతుంది, కొటేషన్‌లోని మాటలు మారిపోతాయి, పారిభాషిక పదం కిడ్నీ నిరాశ అవుతుంది. డిటెక్టర్ దాటినా చదివే మాస్టారి దగ్గర ఆగిపోతుంది. 2025లోనే వచ్చిన మరో అధ్యయనంలో, రోజూ చాట్‌జీపీటీతో రాత పనులు చేసే ఐదుగురికి 300 వ్యాసాలిచ్చారు. వాటిలో హ్యూమనైజ్ చేసినవీ ఉన్నాయి. మెజారిటీ అభిప్రాయం తీసుకుంటే తప్పింది ఒక్క వ్యాసం దగ్గరే. ఆ టూల్ పేజీలోనే వచ్చే ‘100 శాతం హ్యూమన్’ అన్న ఆకుపచ్చ గుర్తు మాత్రం సరుకు అమ్మేవాడే తూకం వేసి చూపించడం.

ఇదంతా చెప్పి డిటెక్టర్లను న్యాయమూర్తులుగా కూర్చోబెట్టనక్కర్లేదు. ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌నే సరిగా పట్టడం లేదని 2023 జులైలో మూసేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లిష్ మాతృభాష కానివారు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇస్తే, సగటున 61 శాతం యంత్రం రాతగా తేలాయి. అవి పాత తరం డిటెక్టర్లే. అయినా అమెరికాలో చదివే మన పిల్లలకు ఆ భయం పోలేదు. ఆ భయంతోనే కొందరు తాము సొంతంగా రాసుకున్నదాన్ని కూడా ‘ఎందుకైనా మంచిది’ అని హ్యూమనైజర్‌లో వేసి తీస్తున్నారు. అప్పటిదాకా అందులో లేని యంత్రం తీరు అప్పుడే వచ్చి చేరుతుంది. ఎవరైనా ప్రశ్నించినప్పుడు పనికొచ్చేది గూగుల్ డాక్స్‌లో దాచుకునే పాత ప్రతుల చరిత్ర. సొంతంగా రాస్తే అందులో కొట్టివేతలు, దిద్దుబాట్లు రోజుల తరబడి పరుచుకుని ఉంటాయి. టూల్‌లోంచి తెచ్చి అతికిస్తే రెండు వేల పదాలు ఒకే నిమిషంలో ఊడిపడినట్టు కనిపిస్తాయి.