‘అక్క రాలేదు’ అంటే ఏమిటి?

ఫోనులో ఒక మెసేజి వచ్చింది: ‘అక్క రాలేదు.’ ఇంతే. నిన్నటి పెళ్లి గురించి అయితే అక్క వెళ్లలేదని అర్థం. రేపటి పెళ్లి గురించి అయితే అక్కకు వచ్చే పరిస్థితి లేదని అర్థం. ఇంగ్లిషులో మొదటిది ‘డిడంట్ కమ్’, రెండోది ‘కాంట్ కమ్’. తెలుగులో రెండింటికీ అవే మూడక్షరాలు.

అక్క బదులు తమ్ముణ్ణి పెట్టి చూడండి, చిక్కు విడిపోతుంది. వెళ్లకపోతే ‘తమ్ముడు రాలేదు’, వచ్చే వీలు లేకపోతే ‘తమ్ముడు రాలేడు’. ఆ చివరి అక్షరంలోనే ఉంది కిటుకంతా. చేతకానితనం చెప్పేటప్పుడు మన క్రియ మనిషిని బట్టి తోక మార్చుకుంటుంది: నేను రాలేను, నువ్వు రాలేవు, వాడు రాలేడు, మేం రాలేం, వాళ్లు రాలేరు. జరగలేదని చెప్పేటప్పుడు మాత్రం మనిషి ఎవరైనా ‘లేదు’ కదలదు: నేను రాలేదు, నువ్వు రాలేదు, వాళ్లు రాలేదు. ఇక్కడ లేనిది మనిషి కాదు, రావడం అనే పని. అందుకే ఆ ‘లేదు’కు మనిషితో పనిలేదు అనుకోవచ్చు.

మరి అక్క దగ్గరే ఎందుకు చిక్కు? ఏకవచనంలో ఆడవాళ్లకూ వస్తువులకూ తెలుగు ఒకటే క్రియారూపం వాడుతుంది. అక్క వచ్చింది, బస్సు వచ్చింది. అలాగే చేతకానప్పుడు అక్కా ‘రాలేదు’, లారీ కూడా ‘రాలేదు’. ‘మా సందులోకి లారీ రాలేదు’ అంటే నిన్న సిమెంటు లారీ రాలేదనీ కావచ్చు, సందు ఇరుకు కాబట్టి లారీ పట్టదనీ కావచ్చు. బహువచనం చేస్తే మళ్లీ తేటపడుతుంది: లారీలు రాలేదు, లారీలు రాలేవు. గౌరవం చేర్చినా అంతే. ‘మేడమ్ రాలేరు’ అన్నప్పుడు ఎవరికీ అనుమానం రాదు. మర్యాద వల్ల వ్యాకరణానికి జరిగే మేలు ఇదొకటి!

రోజూ ఇన్ని కోట్ల మంది మాట్లాడే భాషలో ఇంత పెద్ద చిల్లు ఉంటే జనం ఊరుకుంటారా? ఎక్కడికక్కడ మాట్లు వేసుకున్నారు. జరిగిపోయిన సంగతిలో చేతకాకపోవడాన్ని చెప్పాలంటే ‘పోవు’ తెచ్చి తగిలిస్తాం: అక్క రాలేకపోయింది. ఇప్పుడు నడుస్తున్న సంగతి అయితే ‘నడవలేకపోతోంది’. ఇక కృష్ణా, గుంటూరు వైపు ‘రాలేదు’ను ‘రాలా’ అంటారు, తెలంగాణలో ‘రాలే’ అంటారు. ఈ కురచ రూపాలు రాకపోవడానికే తప్ప రాలేకపోవడానికి పనికిరావు. ‘అక్క ఇంకా రాలా’ అంటే ఇంకా రాలేదనే. కాబట్టి చదువుకున్నవాళ్లు పలుకు సరిగా లేదని ముఖం చిట్లించుకునే ఈ పొట్టి మాటలు, నిజానికి బడి తెలుగులో లేని స్పష్టతను ఇస్తున్నాయి. తెలంగాణలోనే ‘వస్తలేను, వస్తలేడు’ అని ఇంకో వరస ఉంది. తోక మారుతోంది కదా అని దీన్ని చేతకానితనం కింద వేయకండి. ఇది ‘రావట్లేదు’కు అక్కడి రూపం. ‘లే’కు ముందు ‘రా’ కాక ‘వస్త’ ఉంది, తేడా అక్కడ.

సరే, ‘కాంట్’ అంటే ‘లేను’ అని ఒక లెక్క తేలిందా? అలా అనుకుని అమెరికాలో పుట్టిన మన పిల్లలు బోల్తా పడుతుంటారు. ఫోనులో గొంతు తెగిపోతుంటే అమ్మమ్మతో ‘నేను వినలేను’ అంటారు. పాపం ఆ అమ్మమ్మ గుండె గుభేల్మంటుంది. ఎందుకంటే మనకు ‘వినలేను’ అంటే చెవులు పనిచేయకపోవడం కాదు, ఆ మాట భరించలేకపోవడం. చెడ్డ వార్త విన్నప్పుడో, పక్కింటి కుర్రాడి పాట విన్నప్పుడో అనే మాట అది. అక్కడ అనవలసింది ‘వినపడట్లేదు అమ్మమ్మా’ అని. ఇందులో ‘నేను’ లేదు. వినపడనిది గొంతు, నేను కాదు.

ఇంగ్లిషువాడు ‘ఐ కాంట్’ అని తన మీద వేసుకునే చాలా పనుల్ని తెలుగు ఇలాగే ఎదుటి వస్తువు మీదకు నెట్టేస్తుంది. తాళాలు దొరకట్లేదు, పేరు గుర్తు రావట్లేదు, లెక్క అర్థం కావట్లేదు, బోర్డు కనపడట్లేదు. వీటిలో ఒక్కదానికీ ‘లేను’ అక్కర్లేదు. చూసే, వినే, తోచే విషయాలు మన అదుపులో ఉండవని భాష ముందే ఒప్పేసుకుంది కాబోలు.

విద్యల సంగతి మరీ వేరు. ‘నాకు ఈత రాదు’ అంటే నేర్చుకోలేదు. ‘నేను ఈదలేను’ అంటే ఈత వచ్చు, కానీ అలిసిపోయాను, లేదా ప్రవాహం జోరుగా ఉంది. రెండింటికీ ఇంగ్లిషులో ‘ఐ కాంట్ స్విమ్’ సరిపోతుంది. వాడు ఒక మాటతో సరిపెట్టిన చోట మనం రెండు వాడుతున్నాం. అనుమతి లేకపోవడం మూడోది: ‘ఇక్కడ బండి ఆపకూడదు’, ‘లోపలికి వెళ్లడానికి లేదు’. చేతులెత్తేసే సందర్భమైతే ‘నావల్ల కాదు’. వాచ్‌మన్ ‘మీరు లోపలికి వెళ్లలేరు’ అన్నాడంటే అతను డబ్బింగ్ సినిమాలు ఎక్కువ చూస్తున్నట్టే. వెళ్లడానికి మనకు కాళ్లున్నాయి, వెళ్లనివ్వనిది అతను.

‘వోంట్’ దగ్గరికొస్తే తెలుగు పొదుపు ఆశ్చర్యం కలిగిస్తుంది. రాను, రావు, రాడు, రాదు, రాం, రారు. ధాతువుకు మనిషి గుర్తు అంటించడమే, ‘కాదు’ అని చెప్పే మాట విడిగా కనిపించదు. ద్రావిడ భాషల పాత సొత్తు ఇది. వాడుక తమిళంలో దీన్ని దాదాపు వదిలేసి ‘వరమాట్టేన్’ లాంటి జంట క్రియల్లోకి వెళ్లిపోయారు. మనం ఇంకా నిత్యం వాడుతున్నాం. ఈ రూపానికి కాలంతో పెద్దగా పట్టింపు లేదు. ‘మావాడు వంకాయ తినడు’ అంటే అది వాడి అలవాటు, ఇంగ్లిషులో ‘డజంట్’. ‘ఇవాళ భోజనం చెయ్యడు, కడుపు బాగోలేదు’ అంటే ‘వోంట్’. ‘రేపు ఆఫీసుకు రానండి’ అంటే సమాచారం. అదే ‘రాను’ గొంతు పెంచి అంటే అలక. ఏదో తేల్చేది పక్కనున్న మాటలూ గొంతూ.

అయితే ఇంగ్లిషు ‘వోంట్’లో మొండికేయడం కూడా ఉంది. మన గురించి మనం చెప్పుకునేటప్పుడు ‘రానంటే రాను’ అని బల్ల గుద్దుతాం. మరొకరి మొండితనం చెప్పాలంటే వాళ్ల మాటనే వాళ్ల నోట్లో పెట్టి చెబుతాం. ‘వాడు రాడు’ కంటే ‘వాడు రానంటున్నాడు’లో నిరాకరణ గట్టిగా వినిపిస్తుంది. రాను, అంటున్నాడు – ఈ రెండూ కలిసిపోయాయి. తమాషా ఏమిటంటే నోరులేని వాటికి కూడా ఈ మర్యాద ఇస్తాం. పొద్దున్నే కిక్కు కొట్టి కొట్టి ‘బండి స్టార్టవనంటోంది’ అంటాం. వానకు ఉబ్బిన తలుపు ‘పడనంటోంది’. ఇంగ్లిషు ‘ద డోర్ వోంట్ క్లోజ్’కు ఇంతకన్నా సరైన జోడీ దొరకదు. మామూలుగా చెప్పాలంటే ‘పడట్లేదు’ చాలు. ‘తలుపు మూసుకోదు’ అంటే మాత్రం ఆ తలుపు గుణమే అంత అని అర్థం వస్తుంది.

పిలిచినవాళ్లకు మాత్రం ‘రాను’ అని చెప్పకూడదు, అది ముఖం మీద కొట్టినట్టే. ‘రాలేనండీ’ అంటాం, అంతకన్నా మెత్తగా ‘కుదరదండీ’, ‘వీలుపడదేమోనండీ’ అంటాం. ఇష్టం లేక మానేసినా తప్పును వీలు మీదకు తోసేస్తాం. అంటే అసలు మనసులో ‘వోంట్’, నోట ‘కాంట్’. ఇంగ్లిషువాళ్లూ చేసేదే ఇది, కాకపోతే మనకు ‘నేను’ను కూడా వాక్యంలోంచి తప్పించే సౌకర్యం ఉంది.

‘హావెంట్’కు తెలుగులో విడి రూపం లేదు. ‘డిడంట్’కూ ‘హావెంట్’కూ కలిపి ఒకటే ‘లేదు’. తేడా చూపించే బరువంతా పక్కనున్న కాలపు మాట మోస్తుంది. ‘నిరుడు ఊరికి వెళ్లలేదు’ అంటే అయిపోయిన సంగతి, డిడంట్. ‘రెండేళ్లుగా ఊరికి వెళ్లలేదు’ అంటే ఇప్పటికీ సాగుతున్న లోటు, హావెంట్. తిన్నావా అని అడిగితే ‘తినలేదు’ అన్న జవాబు ఎటైనా పోవచ్చు. ‘ఇంకా లేదు’ అంటే మాత్రం ఆకలితో ఉన్నాడని, విస్తరి వేయాలని ఇంటివాళ్లకు తెలిసిపోతుంది. మన ‘ఇంకా’ వాళ్ల ‘హావెంట్’లో సగం పని చేస్తుంది. మన ఆఫీసుల్లో వినపడే ‘స్టిల్ ఐ డిడంట్ ఈట్’ పుట్టింది ఇక్కడే. అందులో ప్రతి తెలుగు మాటకూ ఇంగ్లిషు మాట పెట్టారు, ‘ఇంకా’తో సహా. పాపం ఇంగ్లిషులో ఆ పని క్రియ చేస్తుందని మరిచిపోయారు. ‘ఈ మధ్య’ అన్న మాట వస్తే లెక్క ఇంకోలా తిరుగుతుంది. ‘ఈ మధ్య సరిగా నిద్ర పట్టట్లేదు’ అని మనం నడుస్తున్న కాలంలో చెప్పేదాన్ని వాళ్లు ‘హావెంట్ బీన్ స్లీపింగ్’ అంటారు. అక్కడ ‘పట్టలేదు’ అని రాస్తే ఒక్క రాత్రి సంగతి అయిపోతుంది.

సబ్‌టైటిల్స్ రాసేవాళ్లకు, ఫోనులో తెలుగు టైపు చేసేవాళ్లకు ఒక్క మాట. ఆడవాళ్ల గురించో, వస్తువు గురించో ‘లేదు’తో వాక్యం ముగించేటప్పుడు, అది జరగని పనా చేతకాని పనా అని ఒకసారి చూసుకోండి. రెండోది అయితే ‘రాలేకపోయింది’ అనో, ‘రావడం కుదరదట’ అనో రాయండి. కొన్ని అక్షరాలు ఎక్కువైనా, అక్క ఎందుకు రాలేదని పెళ్లివారు ఫోన్ చేసి అడగాల్సిన పని తప్పుతుంది.