సిగ్గుపెట్టకుండా పిలిచే జనవరి ప్రకటన

డిసెంబరు ఆఖరి వారంలో ఆన్‌లైన్ కోర్సుల ప్రకటనలు ఫోన్ నిండా వచ్చిపడతాయి. వాటిలో చాలావాటి మాట తీరు ఒకటే. "ఇంకో ఏడాది వృథా చేసుకుంటారా? మీ తోటివాళ్ళు ఎప్పుడో ముందుకెళ్ళిపోయారు." కింద రెండు బటన్లు ఉంటాయి. ఒకటి "చేరతాను", రెండోది "వద్దు, నేను ఇలాగే ఉంటాను". కోర్సులో ఏం నేర్పుతారో తెలియకముందే చదివేవాళ్ళ మనసుకు ఒక దెబ్బ తగులుతుంది.

ఆ రెండో బటన్ మర్యాద తప్పడంతో ఆగదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో 'డార్క్ ప్యాటర్న్స్' మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో పేర్కొన్న 13 పద్ధతుల్లో ఒకటి 'కన్ఫర్మ్ షేమింగ్', అంటే భయమో సిగ్గో అపరాధ భావమో కలిగించి కొనిపించడం. విమానం టికెట్‌తో బీమా తీసుకోనివారి చేత "నేను రక్షణ లేకుండానే ఉంటాను" అనిపించే బటన్‌ను అందులో ఉదాహరణగా చూపారు. లేని తొందర పుట్టించడం కూడా ఆ జాబితాలోనే ఉంది. రోజూ "ఈ రాత్రికే ఆఖరు" అంటూ మళ్ళీ మొదలయ్యే గడియారం దాని కిందికే వస్తుంది.

మరి సిగ్గుపెట్టకుండా పిలవడం ఎలా? దుకాణాల్లో, చిన్న ఆఫీసుల్లో లెక్కలు రాసేవాళ్ళ కోసం తెలుగులో ఒక ఎక్సెల్ కోర్సు ఉందనుకుందాం. మొత్తం 24 పాఠాలు, వారానికి 3, ఒక్కోటి 20 నిమిషాలు. అంటే వీడియోలు చూడడానికి 8 గంటలు పడుతుంది. సాధనకు ఇంకో 8 గంటలు వేసుకోవాలి. ప్రకటనలో ముందు చెప్పాల్సిన సంగతి ఈ 16 గంటలే. "రోజుకు కాస్త సమయం చాలు" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "సోమ, బుధ, శుక్రవారాల్లో పాఠానికి 20 నిమిషాలు, సాధనకు 20 నిమిషాలు" అంటే, దుకాణం మూశాక తనకు కుదురుతుందో లేదో చదివే మనిషే తేల్చుకోగలరు.

ఆ తర్వాత ఫలితం. "మీ జీవితమే మారిపోతుంది" అనడం కంటే "నాలుగో వారానికి మీ దుకాణం నెల జమాఖర్చు మీరే షీట్‌లో వేసుకోగలుగుతారు" అనడం ఎంతో బలమైన మాట. అందులో అవతలి మనిషికి ఇప్పటిదాకా ఏం రాదో ఎత్తిచూపడం లేదు. రేపు చేతికి ఏ పని వస్తుందో చెప్పడం ఉంది.

తెలుగువాళ్ళ కోసం రాసేటప్పుడు ఎక్కువమంది మరిచిపోయేది సంక్రాంతి. జనవరి మొదటి సోమవారం కోర్సు మొదలుపెడితే రెండో వారంలోనే పండగ వస్తుంది. ఊరికి ప్రయాణాలు, ఇంటినిండా చుట్టాలు, దుకాణంలో బేరాల రద్దీ. మూడు పాఠాలు తప్పిన మనిషి తిరిగొచ్చేసరికి "మీరు వెనకబడ్డారు" అనే సందేశం కనిపిస్తే ఇక ఆ కోర్సు తెరవాలనిపించదు. తప్పు ఆ మనిషిది కాదు, కోర్సు క్యాలెండర్‌ది. అందుకే ఆ వారం సెలవని ప్రకటనలోనే రాయాలి. 8 వారాల కోర్సు 9 వారాలవుతుంది, అంతే.

ఆగిపోయినవాళ్ళకు పంపే సందేశం ప్రకటనంత ముఖ్యం. "మీ సంకల్పం ఏమైంది?" అని అడగకూడదు. "మీరు ఐదో పాఠం దగ్గర ఉన్నారు, అది 20 నిమిషాలు, ఇక్కడ తెరవండి" అంటే చాలు.

జనవరి 1కి నిజంగానే ఒక ఊపు ఉంది. హెంగ్చెన్ డాయ్, క్యాథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో ప్రచురించిన పరిశోధనలో దీన్ని 'ఫ్రెష్ స్టార్ట్ ఎఫెక్ట్' అన్నారు. అయితే ఆ ఊపు కొత్త ఏడాదికే కాదు, వారం మొదట్లో, నెల మొదట్లో, పుట్టినరోజు తర్వాత కూడా కనిపించిందని వాళ్ళు చూపారు. మన దగ్గర ఉగాది ఉండనే ఉంది. కాబట్టి "ఇప్పుడు కాకపోతే ఎప్పటికీ కాదు" అనడం అబద్ధం. "జనవరిలో కుదరకపోతే ఉగాదికి మరో బ్యాచ్ ఉంది" అనడం నిజం, బ్యాచ్ నిజంగా ఉంటేనే సుమా.

మెత్తగా రాసిన ప్రకటనకు మొదటి రోజున చేరేవాళ్ళు తగ్గవచ్చు. భయంతో నొక్కే వేళ్ళు ఎప్పుడూ ఉంటాయి. కానీ చేరికల లెక్క ఒక్కటే చూస్తే మోసపోతాం. ఎడ్‌ఎక్స్ కోర్సుల మీద 2019లో 'సైన్స్' పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, పేరు నమోదు చేసుకున్నవారిలో సగానికి పైగా పాఠాల పేజీలోకే అడుగుపెట్టలేదు. అందుకే ప్రకటన పనిచేసిందో లేదో తెలియాలంటే మొదటి పాఠం తెరిచినవాళ్ళనూ, సంక్రాంతి తర్వాత నాలుగో పాఠానికి తిరిగొచ్చినవాళ్ళనూ లెక్కపెట్టాలి. రెండో బటన్ మీద "ఇప్పుడు కాదు" అని రాస్తే సరిపోతుంది.