పన్నెండు అడుగుల్లో ఎవరికి ముందు చోటు?

తూర్పు ముఖం, 20 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. మన పట్టణాల లేఅవుట్లలో తరచూ కనిపించే 133 గజాల ప్లాటు ఇది. అందులో ఇల్లు కట్టుకోవాలనుకునే కుటుంబంలో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న నాన్నమ్మ ఉన్నారనుకుందాం. ఆర్కిటెక్టుకు చాలామంది రాసిచ్చేది ఇంతే: ‘మూడు బెడ్‌రూములు, కారు పార్కింగు, పూజగది, పైన అద్దెకో పోర్షను, అంతా వాస్తు ప్రకారం.’ స్థలం విశాలంగా ఉంటే దీంతో పని నడుస్తుంది. ఇక్కడ నడవదు.

ఎందుకో లెక్క చూద్దాం. చుట్టూ ఎంత వదలాలన్నది స్థలం విస్తీర్ణాన్ని, ఇంటి ఎత్తును బట్టి మారుతుంది కాబట్టి ముందుగా మున్సిపాలిటీలో కనుక్కోవాలి. రెండు పక్కలా మీటరు చొప్పున వదలాల్సి వస్తే దాదాపు ఆరున్నర అడుగులు పోతాయి. రెండు వైపులా 9 అంగుళాల గోడలకు మరో అడుగున్నర పోతుంది. లోపల మిగిలేది 12 అడుగులు.

ఇప్పుడు ఇంటి ముందు భాగం చూడండి. చిన్న కారైనా తలుపు తెరుచుకుని దిగాలంటే ఎనిమిదిన్నర అడుగులు కావాలి. పైన అద్దెకుండేవాళ్లు మన హాల్లోంచి వెళ్లకూడదంటే మెట్లు కూడా ముందే ఉండాలి. వాటికి 3 అడుగులు. ఇక మిగిలిన అరడుగులో వాకిలి ఎక్కడ? పైగా తూర్పు ముఖం ఇంటికి ఆగ్నేయమంటే ముందు మూలే. వాస్తు ప్రకారం వంటిల్లూ అక్కడికే రావాలి. కారు, మెట్లు, వాకిలి, వంటిల్లు నాలుగూ ఆ 12 అడుగుల కోసమే పోటీ పడుతున్నాయి.

ఈ తగవు తీర్చాల్సింది ఆర్కిటెక్టు కాదు, ఆ ఇంటివాళ్లు. ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకుని, ఆ వరసను కాగితం మీద పెట్టాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: ‘అమ్మ గది, ఆమె బాత్రూము కింద ఉండి తీరాలి. కారు ఇంట్లోనే పెట్టుకోవాలి. వంటిల్లు ఆగ్నేయంలో కుదరకపోతే వాయవ్యం మాకు సమ్మతమే. వచ్చే పదేళ్లు పైన అద్దెకివ్వం, పిల్లలకు గదులు కావాలి.’

ఆ చివరి మాట ఇంటి నమూనానే మార్చేస్తుంది. అద్దె వద్దనుకుంటే మెట్లు ఇంటి మధ్యలోకి వెళ్లిపోతాయి. అంతస్తు ఎత్తు 10 అడుగులు, మెట్టు ఎత్తు 7 అంగుళాలైతే 17 మెట్ల దాకా వస్తాయి. సగంలో మలుపు తిప్పితే ఆరున్నర అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు పడతాయి. పక్కన నడవడానికి ఐదున్నర అడుగులు మిగులుతాయి. ఆ మెట్ల పైన కప్పులో అద్దం వేస్తే ఇంటి నడుమకు వెలుతురు దిగుతుంది. పక్కింటి రెండంతస్తుల గోడ మీటరున్నర, రెండు మీటర్ల దూరంలో నిలబడితే కిటికీ ఎంత పెద్దదైనా కింది గదులకు వచ్చే వెలుగు తక్కువే.

అలాగని ‘మెట్ల మీద అద్దం వేయండి’ అని రాయకండి. ‘పగలు లైటు వేయకుండా కూరలు తరుగుకోవాలి’ అని రాయండి. కావలసిందేమిటో చెబితే అది అద్దంతో తీరుతుందో, ఆకాశం కనిపించే చిన్న ఖాళీతో తీరుతుందో ఆర్కిటెక్టు ఆలోచిస్తారు. ఉపాయం మనమే చెప్పేస్తే ఆయన అదే గీసి ఇస్తారు, వంటిల్లు చీకటిగానే ఉండిపోవచ్చు.

కాగితంతో పాటు కొలతలూ ఇవ్వాలి. దస్తావేజులోవి కాదు, నేల మీద టేపు పెట్టి తీసినవి. నాలుగు వైపులే కాదు, మూల నుంచి మూలకు కూడా కొలవండి. 20, 60 అడుగుల స్థలం నాలుగు మూలలూ సరిగ్గా ఉంటే మూలకొలతలు రెండూ 63 అడుగుల 3 అంగుళాలు రావాలి. ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా వస్తే స్థలం వంకర. పునాది తవ్వాక అది బయటపడితే 12 అడుగుల గది ఒక చివర పదకొండున్నర అవుతుంది. పక్కిళ్ల కిటికీలు ఎక్కడున్నాయో, కరెంటు స్తంభం గేటుకు ఎంత దూరమో, రోడ్డు స్థలం కంటే ఎంత ఎత్తో ఫొటోలతో సహా జతచేయండి. కొత్తింట్లోకి తెచ్చుకునే బీరువా, మంచం, ఫ్రిజ్ కొలతలు కూడా రాయండి. డబ్బు సంగతికొస్తే మొత్తం చెప్పి ఊరుకోక, బోరు, సంపు, ప్రహరీ, చెక్కపని అందులో కలిశాయో లేదో రాయాలి. మాట తేడాలు ఎక్కువగా వచ్చేది అక్కడే.

మొదటి ప్లాను చేతికొచ్చాక ఈ కాగితాన్ని పక్కన పెట్టుకుని ఒక్కో మాటా సరిచూసుకోండి. మంచాలు, బీరువాలు మీరిచ్చిన కొలతలతోనే గీశారా అని అడగండి. కారును తలుపులు మూసి గీసి ఉంటే, తెరిచి గీయమనండి.