పోయినవారి ఆస్తికి ఏ కాగితం కావాలి?

కర్మకాండలు అయ్యాక బ్యాంకుకు వెళ్తే చాలా కుటుంబాలకు మొదట వినిపించే మాట "సక్సెషన్ సర్టిఫికెట్ తెండి". అక్కడి నుంచి వకీలు దగ్గరికి వెళ్తే ప్రొబేట్ అనే మాట వినిపిస్తుంది. ఇంటికొస్తే చుట్టాలు "నామినీ ఉండగా ఇవన్నీ ఎందుకు?" అంటారు. వీలునామా, ప్రొబేట్, సక్సెషన్ సర్టిఫికెట్ అనే ఈ మూడు కాగితాలూ చేసే పని ఒకటి కాదు. ఎవరికి ఏమివ్వాలో వీలునామా చెబుతుంది. ఆ వీలునామా నిజమైనదేనని ప్రొబేట్‌తో కోర్టు ధ్రువీకరిస్తుంది. చనిపోయిన మనిషికి రావలసిన డబ్బును ఎవరి చేతికిస్తే బ్యాంకుకు చిక్కు ఉండదో సక్సెషన్ సర్టిఫికెట్ చెబుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడలో ఒక రిటైర్డ్ ఇంజినీరు చనిపోయారు. భార్య, కొడుకు, కూతురు, ముసలి తల్లి ఉన్నారు. ఆస్తంతా ఆయన స్వార్జితం: విజయవాడలో ఒక ఫ్లాటు, చెన్నై నగరంలో మరో ఫ్లాటు, మూడు బ్యాంకుల్లో డబ్బు. మొదటి బ్యాంకులో 18 లక్షల ఎఫ్‌డీకి భార్య నామినీ. రెండో బ్యాంకులో పొదుపు ఖాతాలో 6 లక్షలు, మూడో బ్యాంకులో 20 లక్షల ఎఫ్‌డీ ఉన్నాయి. ఈ రెండింటికీ నామినీ లేరు. ప్రస్తుతానికి వీలునామా లేదనుకుందాం.

అపోహ: నామినీకి వచ్చిన డబ్బు నామినీదే.

వాస్తవం: కాదు. ఆ 18 లక్షలు బ్యాంకు నుంచి భార్య చేతికి వస్తాయి. మరణ ధ్రువపత్రం, ఆధార్ వంటి గుర్తింపు పత్రాలు ఇస్తే చాలు, కోర్టు కాగితం అడగకూడదు. కానీ ఆమె ఆ డబ్బు వారసులందరి తరఫున అందుకున్నట్టే లెక్క. బీమా నామినీ విషయంలో సుప్రీంకోర్టు 1984లోనే సర్బతీ దేవి కేసులో ఈ మాట చెప్పింది. షేర్ల నామినీకీ ఇదే వర్తిస్తుందని 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ కేసులో తేల్చింది. జీవిత బీమాకు మాత్రం 2015 సవరణ తర్వాత కొంత మినహాయింపు ఉంది: భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే ఆ సొమ్ముపై వాళ్లకే హక్కు.

మరి మన ఉదాహరణలో పంపకం ఎలా? హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకు, కూతురు, తల్లి, నలుగురికీ సమాన వాటా. అంటే 18 లక్షల్లో తలకు నాలుగున్నర లక్షలు. తల్లి పేరు మర్చిపోవడం మన ఇళ్లలో మామూలే. "పెద్దావిడకు ఇప్పుడు డబ్బెందుకు?" అని కాగితాల్లో ఆవిడ పేరే రాయరు. చట్టం దృష్టిలో ఆవిడ వాటా కూతురి వాటాకు ఏమాత్రం తక్కువ కాదు. ఆవిడ పోయాక ఆ వాటా ఆవిడ వారసులందరికీ వెళ్తుంది. చనిపోయిన మనిషి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అప్పుడు సీన్‌లోకి వస్తారు.

అపోహ: సక్సెషన్ సర్టిఫికెట్ ఉంటే ఇల్లూ పొలమూ అన్నీ మన పేరుకు మారిపోతాయి.

వాస్తవం: ఎక్కువ డబ్బు, కాలం వృథా అయ్యేది ఈ అపోహ వల్లే. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం ఈ సర్టిఫికెట్ అప్పులకు, సెక్యూరిటీలకు మాత్రమే. చనిపోయిన మనిషికి ఇతరులు చెల్లించాల్సినదంతా ఇక్కడ 'అప్పు'. బ్యాంకు డిపాజిట్ కూడా బ్యాంకు ఆయనకు ఉన్న బాకీయే. షేర్లు, బాండ్లు సెక్యూరిటీల కింద వస్తాయి. ఇల్లు, స్థలం, పొలం ఇందులోకి రావు. విజయవాడ ఫ్లాటు కోసం ఈ సర్టిఫికెట్ పట్టుకుని తిరిగినా లాభం లేదు. వారసులు నలుగురూ రిజిస్టర్డ్ భాగపంపిణీ పత్రమో, ఒకరికి అనుకూలంగా హక్కు విడుదల పత్రమో రాసుకుని, దాంతో మున్సిపాలిటీలో పేరు మార్పించుకోవాలి. పేచీ ఉంటే భాగపంపిణీ దావా ఒక్కటే మార్గం.

డబ్బుకైనా ప్రతిసారీ సక్సెషన్ సర్టిఫికెట్ అక్కర్లేదు. నామినీ లేని ఖాతాల్లో 15 లక్షల దాకా, సహకార బ్యాంకుల్లో 5 లక్షల దాకా, వారసుల మధ్య తగాదా లేకపోతే కోర్టు కాగితం అడగకుండా ఇండెమ్నిటీ బాండుతో చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు 2025 సెప్టెంబరులో ఆదేశాలిచ్చింది. కాబట్టి 6 లక్షల ఖాతా కోర్టు గడప తొక్కకుండానే తేలిపోవాలి. కౌంటర్‌లో కాదంటే ఆ ఆదేశాల సంగతి ఎత్తి, తిరస్కరణ ఏదైనా రాతపూర్వకంగా ఇమ్మనండి. చాలాచోట్ల దెబ్బకు గొంతు మారుతుంది.

మిగిలింది 20 లక్షల ఎఫ్‌డీ. ఆ బ్యాంకు సర్టిఫికెట్ అడిగితే, ఆయన చివరగా కాపురమున్న ప్రాంతంలోని సివిల్ కోర్టులో పిటిషన్ వేయాలి. మరణించిన తేదీ, వారసులందరి వివరాలు, రావలసిన మొత్తాల జాబితా అందులో ఉండాలి. కోర్టు మిగతా వారసులకు నోటీసులు పంపుతుంది, పేపరులో ప్రకటన వేయిస్తుంది. అభ్యంతరాలు లేకపోతే సాక్ష్యం తీసుకుని, జాబితా మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టించుకుని సర్టిఫికెట్ ఇస్తుంది.

ఇక్కడ అందరూ దెబ్బతినేది ఆ జాబితా దగ్గరే. అందులో రాసినవాటికే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఆరు నెలల తర్వాత బీరువాలో మరో ఎఫ్‌డీ రసీదు దొరికితే, దాన్ని కూడా చేర్చమని మళ్లీ కోర్టుకే దరఖాస్తు పెట్టుకోవాలి. సర్టిఫికెట్ చేతికొచ్చినవాళ్లు ఆ డబ్బుకు సొంతదార్లు అయిపోరు కూడా. వాళ్లకు చెల్లించిన బ్యాంకుకు రక్షణ దొరుకుతుంది, అంతే. వాటా రానివాళ్లు తర్వాత దావా వేసుకోవచ్చు.

అపోహ: తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్టూ ఇదే కదా!

వాస్తవం: కాదు. కుటుంబంలో ఎవరెవరున్నారో అది చెబుతుంది. పింఛనుకు, చిన్న మొత్తాలకు, మున్సిపల్ పనులకు అక్కరకొస్తుంది. వాటాల తగువు తీర్చే అధికారం తహసీల్దారుకు లేదు.

అపోహ: వీలునామాను రిజిస్టర్ చేస్తేనే చెల్లుతుంది, చేశాక ఎవరూ ప్రశ్నించలేరు.

వాస్తవం: రెండూ తప్పే. ఇప్పుడు మన ఇంజినీరు అంతా భార్యకే రాసిపెట్టారనుకుందాం. తెల్లకాగితం మీద రాసినా, ఆయన సంతకం, దాన్ని చూసి సంతకం చేసిన ఇద్దరు సాక్షులు ఉంటే చెల్లుతుంది. స్టాంపు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ ఉంటే అనుమానాలు తగ్గుతాయి, అధికారులు త్వరగా నమ్ముతారు. కానీ కొడుకు ఎదురు తిరిగితే, రిజిస్టరైన వీలునామాకైనా ఆ సాక్షుల్లో కనీసం ఒకరు కోర్టుకొచ్చి చెప్పాలి. అందుకే తన వయసువాళ్లను కాకుండా తనకంటే చిన్నవాళ్లను, అందుబాటులో ఉండేవాళ్లను సాక్షులుగా పెట్టుకోవడం తెలివైన పని.

అపోహ: ప్రొబేట్ లేకుండా వీలునామాకు విలువ లేదు.

వాస్తవం: తెలుగు రాష్ట్రాల్లోని ఆస్తులకు హిందువులు ఇక్కడ రాసిన వీలునామాలకు ప్రొబేట్ ఎప్పుడూ తప్పనిసరి కాదు. చిక్కు ఆ చెన్నై ఫ్లాటుతోనే. చెన్నై, ముంబై హైకోర్టుల సొంత పరిధిలోని స్థిరాస్తి వీలునామాలో ఉంటే, అది విజయవాడలో రాసినదైనా సరే, ప్రొబేట్ లేనిదే కోర్టులో హక్కు నిలబడేది కాదు. దానికి మూలమైన, భారత వారసత్వ చట్టంలోని 213వ సెక్షన్‌ను పార్లమెంటు 2025 డిసెంబరులో తొలగించింది. ఇప్పుడు ప్రొబేట్ ఎవరైనా కోరుకుంటే తెచ్చుకునే కాగితం. సంతానం మధ్య గొడవ ఖాయమనిపిస్తే తెచ్చుకోవడమే మంచిది. వీలునామాలో కార్యనిర్వాహకుడిగా పేరున్న వ్యక్తికే ప్రొబేట్ ఇస్తారు. ఆ పేరు రాయకపోతే దాని బదులు లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ తీసుకోవాలి. ఒక పరిమితి కూడా ఉంది: వీలునామా నిజమైనదా కాదా అన్నదే ప్రొబేట్ కోర్టు చూస్తుంది. ఆ ఫ్లాటు అసలు ఆయనదేనా అన్నది దాని పని కాదు.

కాబట్టి కోర్టుకు వెళ్లేముందు ఆస్తుల జాబితా రాసుకుని, ఒక్కోదాని పక్కన నామినీ ఉన్నారా, మొత్తమెంత, స్థిరాస్తా కాదా అని గుర్తు పెట్టుకోండి. మన ఉదాహరణలో ఇంతా చేస్తే సక్సెషన్ సర్టిఫికెట్ అవసరం రాగలిగింది ఒక్క 20 లక్షల ఎఫ్‌డీకే.