విడాకుల డిక్రీ, మెయింటెనెన్స్ ఆర్డర్ చేతికొచ్చాయి: ఇప్పుడు ఏ తేదీకి ఏం చేయాలి?

కోర్టు ఆర్డర్ అంటే ముప్పై పేజీల ఇంగ్లీష్ పీడీఎఫ్. వాట్సాప్‌లో వస్తుంది, మనం చివరి పేజీకి వెళ్ళి "విడాకులు మంజూరు" అని చూసి ఫోన్ పక్కన పెట్టేస్తాం. అసలు పని అక్కడే మొదలవుతుంది. పాప ఎప్పుడు ఎవరి దగ్గర ఉండాలి, డబ్బు ఏ తేదీకి రావాలి, రాకపోతే ఎప్పటిలోపు కోర్టుకి వెళ్ళాలి... ఇవన్నీ ఆ పేజీల మధ్యలో ఎక్కడో ఉంటాయి.

మా పెద్దమ్మ కూతురు కాకినాడలో అడ్వకేట్. అక్క తన క్లయింట్లకి ఆర్డర్‌తో పాటు ఒక్క పేజీ తెలుగు సారాంశం ఇస్తుంది. దానికి ఎక్సెల్ షీట్ నేను చేసి పెట్టాను, అలా ఈ పని నాకు దగ్గర నుంచి తెలిసింది. ఆ పేజీ ఎలా తయారవుతుందో ఈరోజు ఒక కేసు పెట్టుకుని చూద్దాం. ఇది నిజం కేసు కాదండి, చెప్పడానికి వీలుగా మేం అల్లుకున్నది.

కేసు ఇది

భార్యాభర్తలు, ఏడేళ్ళ పాప. భర్త విడాకుల కోసం ఫ్యామిలీ కోర్టులో ఓ.పి. వేశాడు. భార్య తనకీ పాపకీ మనోవర్తి కావాలని విడిగా ఎం.సి., అంటే మెయింటెనెన్స్ కేసు, 2024 ఆగస్టు 5న వేసింది. రెండిటికీ 2025 ఆగస్టు 18న తీర్పు వచ్చింది. మన క్లయింట్ భార్య.

ఒకే రోజు, ఒకే కోర్టు, ఒకే జడ్జి. అయినా కాగితాలు రెండు, చట్టాలు రెండు. ఓ.పి. డిక్రీ హిందూ వివాహ చట్టం కింద వచ్చింది. ఎం.సి. ఆర్డర్ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద వచ్చింది. పాత సీఆర్‌పీసీ 125 అనేవాళ్ళం కదా, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చింది ఇదే. ఈ రెండు కాగితాల్లో గడియారాలు వేరువేరుగా తిరుగుతాయి. సారాంశం రాసేవాళ్ళు ముందు పట్టుకోవాల్సిన విషయం ఇదే.

మొదటి పని: ఏ పేజీ చదవాలి?

తీర్పులో మొదటి ఇరవై పేజీలు ఎవరేం చెప్పారు, సాక్షులు ఏమన్నారు అనే కథ. "భార్య నెలకి 25,000 కోరింది" అని ఒకచోట ఉంటుంది. అది ఆమె అడిగింది, కోర్టు ఇచ్చింది కాదు. సారాంశంలోకి రావాల్సింది చివర్లో "ఫలితంగా" అంటూ మొదలయ్యే ఆదేశాల భాగం మాత్రమే. ప్రతి లైన్ పక్కన పేరా నంబర్ వేయాలి. రేపు ఎవరైనా "అలా ఎక్కడుంది?" అంటే వేలు పెట్టి చూపించాలి కదా.

తర్వాత జడ్జిమెంట్‌ని, డిక్రీ షీట్‌ని పక్కపక్కన పెట్టి చూడాలి. డిక్రీ షీట్ విడిగా టైప్ అవుతుంది. మన కేసులో జడ్జిమెంట్‌లో "రెండో, నాలుగో శనివారం" అని ఉంది, డిక్రీలో "ఆదివారం" అని పడింది అనుకోండి. సారాంశంలో మనకి నచ్చింది రాసేయకూడదు. తేడా ఉందని రాసి, సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ సెక్షన్ కింద సవరణకి పిటిషన్ వేయాలి. టైపింగ్ పొరపాట్లని కోర్టు ఎప్పుడైనా సరిచేయవచ్చు. కానీ సరిచేసేదాకా ప్రతి వారాంతం గొడవే. అన్నట్టు, విడాకుల డిక్రీ కాపీ ఒకటి ఇద్దరికీ ఉచితంగా ఇవ్వాలని హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్‌లోనే ఉంది.

కస్టడీ: లేనిది రాయొద్దు

కోర్టు చెప్పింది ఇది. పాప తల్లి దగ్గర ఉంటుంది. తండ్రి నెలలో రెండో, నాలుగో శనివారం ఉదయం 10 నుంచి సాయంత్రం 5 దాకా తీసుకెళ్ళవచ్చు. దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో సగం తండ్రి దగ్గర. కోర్టు అనుమతి లేకుండా పాపని దేశం దాటించకూడదు.

శనివారాల సంగతి క్లియర్. ఆ సంవత్సరం తేదీలన్నీ క్యాలెండర్‌లో పెట్టేయొచ్చు. సెలవుల్లో "సగం" అంటే మొదటి సగమా, రెండో సగమా? సంక్రాంతి అయితే ఇంకా చిక్కు, భోగి ఏ సగంలో పడుతుందో ఇద్దరికీ ముఖ్యమే. పాపని ఎక్కడ అప్పగించాలి? ఇంటి దగ్గరా, స్కూల్ దగ్గరా? ఆర్డర్‌లో లేదు.

ఇక్కడ చాలామంది "మామూలుగా మొదటి సగం తండ్రికి" అని రాసేస్తారు. అక్క అలా రాయదు. ఆ గడిలో "ఆర్డర్‌లో చెప్పలేదు" అని ఎర్ర అక్షరాల్లో రాస్తుంది. రెండు దార్లు చూపిస్తుంది: ఇద్దరు లాయర్లూ రాతపూర్వకంగా ఒప్పుకుని కోర్టులో మెమో వేయడం, లేదా 26వ సెక్షన్ కింద స్పష్టత కోరుతూ పిటిషన్ వేయడం. సెలవులు మొదలయ్యే రోజు కాదు, నెల ముందే.

ఇంకో లైన్ తప్పకుండా ఉంటుంది: "డబ్బు రాలేదని పాపని పంపడం ఆపకూడదు." కోపం వస్తుంది, సహజం. కానీ డబ్బు ఒక ఆర్డర్, పాపని చూడటం ఇంకో ఆర్డర్. ఆయన ఒకటి తప్పితే మనం రెండోది తప్పకూడదు. తప్పితే ఆ ఉల్లంఘన మన పేరు మీద పడుతుంది.

డబ్బు: లెక్క చేసి చూద్దాం

ఎం.సి. ఆర్డర్ ప్రకారం భార్యకి నెలకి 8,000, పాపకి 7,000. పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్క. ప్రతి నెలదీ ఆ నెల పూర్తయ్యాక వచ్చే 10వ తేదీలోపు కట్టాలి. మధ్యంతరంగా కట్టిన డబ్బు తగ్గించుకోవచ్చు. బకాయి మూడు సమాన వాయిదాల్లో, మొదటిది ఆర్డర్ తేదీ నుంచి 30 రోజుల్లో, మిగతావి ఆ తర్వాత నెలకొకటి.

పిటిషన్ తేదీ నుంచి ఎందుకంటారా? 2020 నవంబర్‌లో రజ్‌నేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు మెయింటెనెన్స్ దరఖాస్తు తేదీ నుంచే ఇవ్వాలని చెప్పింది. కేసు నడిచిన కాలం ఆకలి ఆగదు కదా.

2024 ఆగస్టు 5 నుంచి 2025 ఆగస్టు 4 దాకా 12 నెలలు. నెలకి 15,000 చొప్పున 1,80,000. మధ్యంతరంగా నెలకి 6,000 ఇచ్చాడు. ఆయన ఎనిమిది నెలలు ఇచ్చానంటాడు, ఆమె బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో జనవరి నుంచి జులై దాకా ఏడే కనిపిస్తున్నాయి. స్టేట్‌మెంట్‌లో ఉన్నదే తీసుకుంటాం: 42,000. ఎనిమిదోదానికి రసీదు చూపిస్తే అప్పుడు మారుద్దాం. మిగిలింది 1,38,000. మూడు వాయిదాలు, ఒక్కోటి 46,000.

తేదీల లెక్కలో ఆర్డర్ వచ్చిన రోజుని వదిలేసి మర్నాటి నుంచి లెక్కపెడతారు. షీట్‌లో ఇలా:

```
=DATE(2025,8,18)+30
```

సెప్టెంబర్ 17 వస్తుంది. అది మొదటి వాయిదా. రెండోది అక్టోబర్ 17, మూడోది నవంబర్ 17. వీటితో సంబంధం లేకుండా నడిచే నెల మనోవర్తి విడిగా ఉంటుంది. ఆగస్టు 5 నుంచి సెప్టెంబర్ 4 దాకాది సెప్టెంబర్ 10లోపు 15,000. అంటే సెప్టెంబర్‌లో రెండుసార్లు డబ్బు రావాలి. సారాంశంలో ఈ రెండూ వేరే వరుసల్లో ఉండాలి, కలిపితే ఏది వచ్చింది ఏది రాలేదో తెలియదు.

8,000, 7,000 కూడా కలపకండి. ఆమె రేపు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆమె వాటా ఆగిపోతుంది, పాప వాటా ఆగదు. "నెలకి 15,000" అని మాత్రమే రాసి ఉంటే అవతలివాళ్ళు మొత్తం ఆపేయడానికి చూస్తారు.

అసలు డేంజర్ తేదీ

ఇది ఆర్డర్‌లో ఎక్కడా రాసి ఉండదు. డబ్బు కట్టకపోతే వారంట్ అడగొచ్చు. కోర్టు ఒక్కో నెల బాకీకి నెల దాకా జైలు వేయగలదు. జైలుకి వెళ్ళొచ్చినా బాకీ మాఫీ కాదు. కానీ 144(3) ప్రకారం ఆ దరఖాస్తు, డబ్బు బాకీ పడిన తేదీ నుంచి ఏడాదిలోపు వేయాలి. "ఇవాళ ఇస్తాడు, రేపు ఇస్తాడు" అని రెండేళ్ళు ఎదురుచూస్తే, పాత నెలల మీద వారంట్ దారి మూసుకుపోతుంది. మామూలు సివిల్ డిక్రీ అమలుకి 12 ఏళ్ళు ఉంటాయి, ఆ అలవాటుతో ఇక్కడ కూర్చుంటే మునుగుతాం.

అందుకే ప్రతి నెల వరుస పక్కన "చివరి తేదీ" గడి ఉంటుంది. సెప్టెంబర్ 10న రావాల్సింది రాకపోతే 2026 సెప్టెంబర్ 9. పాత బకాయికి వాయిదా తేదీ నుంచి లెక్కపెట్టాలని వాదించవచ్చు. అక్క మాత్రం ఆర్డర్ తేదీ నుంచే లెక్కపెట్టి 2026 ఆగస్టు 17 వేస్తుంది. క్లయింట్ డబ్బుని వాదన మీద నిలబెట్టకూడదు అంటుంది. ఫోన్‌లో రిమైండర్ అయితే మూడు నెలల బాకీ పడగానే మోగాలి, ఏడాది చివర్లో కాదు.

ఒకే డిక్రీకి రెండు తేదీలు

విడాకుల డిక్రీ మీద హైకోర్టుకి అప్పీల్. ఫ్యామిలీ కోర్టుల చట్టం 30 రోజులంటుంది, హిందూ వివాహ చట్టం 90 రోజులంటుంది. సారాంశంలో ఏది రాయాలి? రెండూ రాయాలి, వేర్వేరు పనులకి. మనం అప్పీల్ వేయాలనుకుంటే 30 రోజులు, అంటే సెప్టెంబర్ 17 అనుకుని పరిగెత్తాలి. మళ్ళీ పెళ్ళి ఆలోచన ఉంటే 90 రోజులు, అంటే నవంబర్ 16 దాటేదాకా ఆగాలి. అప్పుడు కూడా అవతలి పక్షం అప్పీల్ వేసిందేమో హైకోర్టులో చూసుకోవాలి. కాపీ కోసం కోర్టులో పట్టిన రోజుల్ని గడువులోంచి తీసేస్తారు కాబట్టి వాళ్ళ గడువు ఇంకా సాగవచ్చు. ఎం.సి. ఆర్డర్ మీద అప్పీల్ ఉండదు, రివిజన్ ఉంటుంది.

అంటే సూత్రం ఇది: మనం చేయాల్సిన పనికి దగ్గర తేదీ, మనం ఆగాల్సిన పనికి దూరం తేదీ.

చివరికి క్లయింట్ ఫోన్‌లో ఉండే పేజీ మూడు భాగాలు. పాప ఏ రోజు ఎక్కడ, ఏ డబ్బు ఏ తేదీకి, ఏ పనికి ఎప్పుడు గడువు. పైన రెండు కేసు నంబర్లు, ప్రతి లైన్ పక్కన పేరా నంబర్, ఆర్డర్‌లో లేనిది ఎర్రగా. కింద ఒక లైన్: "తేడా వస్తే ఈ పేజీ కాదు, సర్టిఫైడ్ కాపీయే ఫైనల్." మీ ఇంట్లో ఎవరి దగ్గరైనా ఇలాంటి ఆర్డర్ ఉంటే ముందు ఆదేశాల భాగం తీసి, ఆర్డర్ తేదీ పక్కన ఏడాది తర్వాతి తేదీ రాసి, దాన్ని వాళ్ళ లాయర్‌కి చూపించండి.