జీతం ఒకటే, మరి ఏ ఉద్యోగం?

మా అక్క కూతురికి ఒకేసారి రెండు ఉద్యోగాలు వచ్చాయి. ఒకటి గురుకులంలో టీచర్ పోస్టు, రెండోది ఇంటి నుంచే పాఠాలు రాసిచ్చే ప్రైవేటు కంపెనీ కొలువు. జీతాల్లో తేడా వెయ్యి కూడా లేదు.

కాగితం తీసి, ఉద్యోగాల పేర్లు రాయకముందే పది మార్కులు పంచమన్నాను. పేర్లు కనబడితే మనసు ముందే మొగ్గుతుంది, మార్కులు దానికి వంత పాడతాయి. స్వేచ్ఛకు 5, భద్రతకు 3, సేవకు 2 ఇచ్చింది. తర్వాత ఒక్కో ఉద్యోగానికి ఒక్కో విలువ కింద అయిదుకు మార్కులు వేసి, హెచ్చవేసి కూడింది. గురుకులానికి స్వేచ్ఛ 2, భద్రత 5, సేవ 4. మొత్తం 33. కంపెనీకి 5, 2, 1. అదీ 33!

చిక్కు ‘స్వేచ్ఛ’ అన్న మాటలో ఉంది. అమెరికాలో ఎడ్గార్ షైన్ ‘కెరీర్ యాంకర్ల’లో స్వేచ్ఛను పనిని మన పద్ధతిలో, మన వేళల్లో చేసుకోవడంగా చూశాడు. పద్ధతి, వేళలు రెండూ ప్రతి ఉద్యోగంలో కలిసి రావు.

“ఇదివరకు దేనికి విసుగొచ్చి ఉద్యోగం మానేశావే?” అన్నాను.

“వాళ్లిచ్చిన స్క్రిప్టే చదవమన్నారు పిన్నీ. పొద్దున ఏడింటికి వెళ్లడం నాకెప్పుడూ కష్టం కాలేదు.”

గురుకులంలో రాత్రి డ్యూటీలున్నా, తరగతిలో చెప్పే తీరు ఆమెదే. కంపెనీలో వేళలు ఆమెవి, పాఠం అచ్చు వాళ్లది. స్వేచ్ఛ మార్కు రెండింటికీ 3కి వచ్చింది. మొత్తాలు 38, 23.

ఒకటి రెండు మార్కుల తేడాయే వచ్చుంటే మాత్రం నేను ఆ లెక్కను నమ్మేదాన్ని కాదు.