పాత రేటు ఏ తేదీ వరకు?

విజయవాడలో ఇంటి నుంచి అనువాదాలు చేసే ఒకామె ఉందనుకుందాం. నాలుగేళ్లుగా ఒక సంస్థకు నెలకు దాదాపు 20,000 పదాలు చేసిస్తోంది. పదానికి రూపాయిన్నర, అంటే నెలకు 30,000 రూపాయలు. ఏప్రిల్ 1 నుంచి పదానికి రూపాయి ఎనభై పైసలు తీసుకోవాలని నిశ్చయించుకుంది. పాత పరిచయం కాబట్టి ఈ సంస్థకు మాత్రం మూడు నెలల గడువు ఇస్తుంది.

ఈ మాట మార్చి బిల్లుతో పాటు చెబితే ఆలస్యమే. మన దగ్గర చాలా సంస్థల లెక్కల సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, ఖర్చుల అంచనాలు అంతకుముందే వేసుకుంటారు. ఫిబ్రవరి మొదట్లోనే మెయిల్ అందితే, పని అప్పగించే మేనేజరు పెరిగిన మొత్తాన్ని అందులో చేర్పించుకోగలడు. ఆ తర్వాత ఆయనకు ఇవ్వాలని ఉన్నా అకౌంట్స్ వాళ్లు ఒప్పుకోవడం కష్టం.

మెయిల్‌లో ఇంటద్దె, పిల్లల ఫీజులు రాయనక్కర్లేదు. పాత రేటు, కొత్త రేటు, తేదీ చాలు. అసలు జాగ్రత్త గడువు గురించి రాసే వాక్యంలో ఉండాలి. ‘జూన్ 30 వరకు పాత రేటే’ అని ఊరుకుంటే తగాదాకు తలుపు తీసినట్టే. జూన్ 25న అప్పగించిన పుస్తకం ఆగస్టులో పూర్తయి, సెప్టెంబరులో బిల్లు వేస్తే ఏ రేటు? పని ఇచ్చింది జూన్‌లోనే కదా అని వాళ్లంటారు. చేసింది ఆగస్టులో కదా అని ఈమె అంటుంది. రెండూ న్యాయంగానే కనిపిస్తాయి. ఇంకో చిక్కు, గడువు ముగిసేలోగా ఆరు నెలల పని ఒక్కసారే పంపేయవచ్చు.

అందుకే నేనైతే ఇలా రాస్తాను: ‘జూన్ 30లోగా అప్పగించిన పనికి, నెలకు 20,000 పదాల వరకు పాత రేటు వర్తిస్తుంది. జూలై 31 తర్వాత అందజేసే పని ఎప్పుడు అప్పగించినదైనా దానికి కొత్త రేటే.’

ఈ గడువు వల్ల ఆమె వదులుకునేది నెలకు 6,000 చొప్పున 18,000 రూపాయలు. నాలుగేళ్లు నికరంగా పని ఇచ్చిన వాళ్లకు అది ఎక్కువేమీ కాదు. రేటు 20 శాతం పెరిగింది కనుక, మొత్తం పనిలో ఆరో వంతు చేజారినా ఆమె ఆదాయం తగ్గదు. ‘ఇంకో మూడు నెలలు చూడండి’ అని మళ్లీ అడిగితే ఈ లెక్క గుర్తుంచుకోవాలి. అప్పుడు రేటు తగ్గించే బదులు పని పరిమాణం తగ్గించుకోమనడం మేలు.

సంస్థ పర్చేజ్ ఆర్డర్‌లో పాత రేటే ఉండిపోతే, మెయిల్‌లో ‘సరే’ అన్నా జూలై బిల్లు వెనక్కి రావచ్చు. సవరించిన ఆర్డర్ చేతికి వచ్చాకే జూలై పని మొదలుపెట్టండి.